తిరస్కరించిన ఎడిటరుకే మళ్లీ ఉత్తరం

1936 వేసవిలో ఆల్బర్ట్ ఐన్‌స్టైన్, నేథన్ రోజెన్ కలిసి రాసిన పేపరొకటి అమెరికాలోని ‘ఫిజికల్ రివ్యూ’ జర్నల్‌కి చేరింది. గురుత్వ తరంగాలనేవి లేనే లేవన్నది అందులోని వాదన. ఎడిటర్ జాన్ టేట్ దాన్ని అచ్చుకి ఇచ్చే ముందు ఆ రంగం తెలిసిన ఒకరికి చూపించారు. ఆయన పది పేజీల అభ్యంతరాలు రాసిచ్చారు. టేట్ వాటిని ఐన్‌స్టైన్‌కి పంపి, మీరేమంటారని మర్యాదగానే అడిగారు. జులై 27న ఐన్‌స్టైన్ నుంచి ఘాటైన జవాబు వచ్చింది. పేపరు పంపింది అచ్చు వేయడానికే గానీ ఎవరికో చూపించడానికి కాదని, పేరు చెప్పని ఆ నిపుణుడి మాటలు ఎలాగూ తప్పేనని, వాటికి సమాధానం చెప్పాల్సిన పని తనకు లేదని, పేపరు ఇంకో చోట వేసుకుంటానని దాని సారాంశం.

వేరే జర్నల్ ఆ పేపరును తీసుకుంది కూడా. కానీ అచ్చయ్యేలోపే లెక్కలో తప్పు బయటపడింది. 1937లో వచ్చిన పేపరులో ముగింపు దాదాపు తిరగబడింది. ఆ పేరు లేని నిపుణుడు హోవర్డ్ రాబర్ట్‌సన్ అనే భౌతిక శాస్త్రవేత్త. ఆయన చెప్పిందే నిజమైంది.

అంత గడుసు ఉత్తరం రాసి నిలదొక్కుకోవడం ఐన్‌స్టైన్‌కి చెల్లింది. యూనివర్సిటీల్లో, మెడికల్ కాలేజీల్లో పని చేసే మామూలు పరిశోధకులు రాయాల్సింది మరో రకం ఉత్తరం. పేపరు తిరిగొచ్చింది. రివ్యూయర్లు చెప్పినదాంట్లో పస ఉంది. ఆర్నెల్లు కూర్చుని దాన్ని విడదీసి, కొత్త వరసలో పేర్చి, సగానికి తగ్గించారు. ఇప్పుడు అదే ఎడిటరుకి మళ్లీ పంపాలి. పేపరుతోపాటు వెళ్లే ఒక పేజీ ఉత్తరాన్ని కవర్ లెటర్ అంటారు. పేపరు కంటే ముందు ఎడిటరు చదివేది సాధారణంగా దాన్నే.

ఏ రకం ‘వద్దు’?

రాయడానికి ముందు, వచ్చిన ఉత్తరాన్ని సరిగ్గా చదవాలి. జర్నళ్లు ‘వద్దు’ అని చెప్పే తీరులో తేడాలుంటాయి. రివ్యూకి పంపకుండానే ఎడిటరు తన బల్ల మీదే వెనక్కి పంపేస్తే దాన్ని డెస్క్ రిజెక్షన్ అంటారు. చాలాసార్లు దానర్థం పేపరు బాగోలేదని కాదు, మా పాఠకులకు సంబంధించింది కాదని. దాన్ని కుదించి మళ్లీ అక్కడికే పంపితే మళ్లీ అదే జవాబు వస్తుంది.

రివ్యూ అయ్యాక వచ్చే తిరస్కరణ రెండు రకాలు. ఒకటి తలుపు మూసేస్తుంది. రెండోది ‘ఈ రూపంలో వేసుకోలేం, అయితే గణనీయంగా మార్చి రాస్తే కొత్త పేపరుగా పరిశీలిస్తాం’ అంటుంది. మన ఉత్తరానికి చోటున్నది ఈ రెండోదానిలోనే. ఎటూ తేల్చకుండా రాసి ఉంటే, పని మొదలుపెట్టే ముందే ఎడిటరుకి నాలుగు వాక్యాల మెయిల్ పెట్టి, మార్చి రాస్తే చూస్తారా అని అడగడం మేలు. వద్దంటే ఆర్నెల్ల శ్రమ మరో జర్నల్ వైపు మళ్లించుకోవచ్చు.

‘సవరించి పంపండి’ అనడం వేరు, తిరస్కరించాక మళ్లీ పంపడం వేరు. మొదటిదానిలో పేపరు పాత నంబరుతోనే బతికి ఉంటుంది. రెండోదానిలో సాధారణంగా పాత ఫైలు మూతపడుతుంది, కొత్త నంబరు వస్తుంది. కొన్నిసార్లు ఎడిటరు కూడా మారతారు. కొత్త ఎడిటరుకి పాత కథ తెలియకపోవచ్చు. అందుకే ఇది పాత పేపరే అన్న మాట, దాని పాత నంబరు, ఉత్తరంలో మొదటి పేరాలోనే రావాలి. కొత్త శీర్షిక పెట్టి, గతం దాచి, తాజా పేపరులా పంపాలనుకోవడం పెద్ద పొరపాటు. ఆ రంగంలో నిపుణులు కొద్దిమందే ఉంటారు. పేపరు తిరిగి పాత రివ్యూయరు చేతికే వెళ్లే అవకాశం ఎక్కువ. వాళ్లు గుర్తుపట్టిన క్షణంలో రచయితల మాట మీద నమ్మకం పోతుంది.

ఒక పేపరును దగ్గరగా చూద్దాం

ఉదాహరణకి ఒక పేపరును ఊహించుకుందాం. నల్లగొండ జిల్లాలో పల్లె బడుల్లో 12 నుంచి 15 ఏళ్ల పిల్లల పళ్లు పరీక్షించి, వాళ్లు తాగే బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచిన సర్వే అది. పళ్ల మీద గారలు, గుంటలు ఏ స్థాయిలో ఉన్నాయో చెప్పడానికి డీన్ సూచిక వాడారు. దంత వైద్యులు 1942 నుంచీ వాడుతున్న కొలమానం అది. పిల్లలు 412 మంది. వాళ్లలో 14 మంది ఏ బోరు నీరు తాగుతారో తేలలేదు కాబట్టి లెక్కలోకి వచ్చింది 398 మంది.

మొదటి ప్రతి 5,800 పదాలు. పరిచయం 1,100, పద్ధతులు 700, ఫలితాలు 1,600, చర్చ 2,400. తొమ్మిది పట్టికలు, ఆరు చిత్రాలు. పళ్లతోపాటు పిల్లల బడి మార్కులు, ఇంటి తిండి కూడా అందులోనే ఉన్నాయి. పరిచయంలో సగం పైగా చరిత్రే. 1937లో నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి నివేదిక దగ్గర మొదలై, పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ దాకా సాగింది.

రివ్యూయర్ల అభ్యంతరాలు నాలుగు. పేపరు మూడు ప్రశ్నలు వేసి దేనికీ గట్టిగా జవాబు చెప్పలేదన్నది ఒకటి. పిల్లల్ని ఎలా ఎంచుకున్నారో, పళ్లు ఏ వెలుతురులో ఎవరు చూశారో పద్ధతుల్లో సరిగా లేదన్నది రెండోది. మూడోది లెక్కకి సంబంధించినది. పిల్లలు 398 మందైనా వాళ్లంతా తాగేది 24 బోర్ల నీరే. ఒకే బోరు నీరు తాగే పిల్లలు ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు కారు. అందర్నీ విడివిడిగా లెక్కేస్తే, ఉన్నదానికంటే ఎక్కువ సాక్ష్యం ఉన్నట్టు కనిపిస్తుంది. నాలుగోది, పళ్లు చూసిన డాక్టరుకి పిల్లలు ఏ ఊరివాళ్లో ముందే తెలుసు. నీళ్లు బాగా చెడ్డ ఊరని తెలిసినప్పుడు పళ్ల మీద మచ్చ కాస్త పెద్దదిగా కనబడే ప్రమాదం ఉంది.

తగ్గించడం అంటే ఏం తగ్గించడం?

ఇలాంటి ఉత్తరం వెనక అసలు పని ఉండాలి. అన్ని భాగాల్లో తలా కొంచెం పదాలు కోసుకుంటూ పోతే పేపరు పొట్టిదవుతుంది, కానీ స్పష్టమవదు. ముందు ప్రశ్న ఒక్కటి తేల్చుకోవాలి. ఇక్కడ ఆ ప్రశ్న నీటిలో ఫ్లోరైడ్ మోతాదుకీ పళ్ల మీది ఫ్లోరోసిస్ తీవ్రతకీ ఎంత సంబంధం ఉందన్నది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పని ప్రతి పేరా అనుమానితమే.

అలా చూస్తే పరిచయం 350 పదాలకు దిగింది. చరిత్ర ఒక్క వాక్యమైంది. ఫలితాల భాగంలో పట్టికలో ఉన్న అంకెల్నే మళ్లీ వాక్యాల్లో అప్పజెప్పిన పేరాలు పోయి 750 మిగిలింది. చర్చ 1,000 పదాలైంది. అందులో పోయినవాటిలో ఎక్కువ భాగం ఫలితాల్ని మూడోసారి చెప్పినవే. ఆరు చిత్రాల్లో ఐదు పట్టికల్లోని అంకెలకే గీసిన బొమ్మలు. నీటి మోతాదు పెరిగేకొద్దీ తీవ్రత ఎలా మారిందో చూపే చిత్రం ఒక్కటే ఉంచారు.

పద్ధతుల భాగం మాత్రం పెరిగింది. 700 నుంచి 900 పదాలకు. కుదించమన్నారు కదా అని దీన్ని కోయడం తరచూ జరిగే తప్పు. ఒక సర్వేను నమ్మాలా వద్దా అన్నది పాఠకుడు తేల్చుకునేది ఆ భాగం చదివే. ఇలాంటి సర్వేల నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే స్ట్రోబ్ అనే చెక్‌లిస్టు ఉంది, 22 అంశాలతో. వాటిలో పెద్ద భాగం పద్ధతులకు చెందినవే. మొత్తం కలిపి కొత్త ప్రతి 3,000 పదాలు.

పదాలతో సంబంధం లేని మార్పు ఒకటుంది. లెక్కను బోర్లవారీగా తిరిగి చేశారు. సంబంధం నిలబడింది. కానీ దాని అంచనా ఎంత నుంచి ఎంత మధ్య ఉండొచ్చో చెప్పే హద్దులు ముందుకంటే వెడల్పయ్యాయి. అంటే పాత ప్రతిలో చెప్పినంత ధీమాగా ఇప్పుడు చెప్పలేరు. ఒకే సమయంలో చేసిన సర్వే కాబట్టి ‘కారణం’ అన్న మాట కూడా ‘సంబంధం’గా మారింది.

ఉత్తరం ఇలా ఉంటుంది

నిజానికి రాసేది ఇంగ్లీషులోనే. అందులోని విషయం తెలుగులో చెబితే ఇలా:

“ఎడిటర్ గారికి,

గతంలో మీరు తిరస్కరించిన మా పేపరును (పాత నంబరు ఫలానా) తిరగరాసి కొత్త పేపరుగా పంపుతున్నాం. ఒకే ప్రశ్నకు పరిమితం చేసి రాస్తే మళ్లీ పరిశీలిస్తామని మీ నిర్ణయంలో తెలిపారు. ఈ ప్రతి ఆ మేరకు తయారైంది.

పాత ప్రతిలో మూడు ప్రశ్నలుండేవి. ఇందులో ఒకటే ఉంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ మోతాదుకీ పిల్లల పళ్ల ఫ్లోరోసిస్ తీవ్రతకీ ఉన్న సంబంధం ఎంత అన్నది. పాఠం 5,800 పదాల నుంచి 3,000కి, పట్టికలు తొమ్మిది నుంచి మూడుకి, చిత్రాలు ఆరు నుంచి ఒకటికి తగ్గాయి. నమూనా ఎంపిక, పళ్ల పరీక్ష గురించి రివ్యూయర్లు అడిగిన వివరాలు చేర్చడంతో పద్ధతుల భాగం మాత్రం పెరిగింది.

రివ్యూయరు సూచించినట్టు లెక్కను బోర్లవారీగా మళ్లీ చేశాం. ప్రధాన సంబంధం నిలిచింది, అంచనా హద్దులు వెడల్పయ్యాయి. ముగింపును అందుకు తగ్గట్టు మార్చాం.

బడి మార్కులు, ఆహారం గురించిన ఫలితాల్ని ప్రధాన పాఠం నుంచి తీసేశాం. ఆ సమాచారం సేకరించిన సంగతి పద్ధతుల్లో చెప్పాం. ఫలితాల పట్టికలు నాలుగు అనుబంధ ఫైల్లో ఉన్నాయి.

పరీక్షించిన డాక్టరుకి పిల్లల ఊరు తెలుసన్న లోపాన్ని ఇప్పుడు సరిదిద్దలేం. దాన్ని పరిమితుల్లో రాశాం.

ఒక్కో అభ్యంతరానికి జవాబు, పాత, కొత్త భాగాల పట్టిక విడిగా జతపరిచాం. ఈ పేపరు మరే జర్నల్ పరిశీలనలోనూ లేదు. రచయితల జాబితా మారలేదు. పాత రివ్యూయర్లకు పంపినా కొత్తవారికి పంపినా మాకు సమ్మతమే.”

ఇంతే. రివ్యూయర్లు అర్థం చేసుకోలేదన్న ఫిర్యాదు లేదు. ఈ పేపరు సమాజానికి ఎంత అవసరమో చెప్పే పేరా లేదు. ప్రమోషనుకి ఇది కావాలన్న వేడుకోలూ లేదు. ఎడిటరు తేల్చుకోవాల్సినవి రెండే. ఇది నిజంగా మారిందా? దీన్ని ఎవరికి పంపాలి? ప్రతి వాక్యం ఆ రెండింటిలో ఒకదానికి పనికొస్తోంది.

‘బాగా మెరుగుపరిచాం’, ‘సమూలంగా సవరించాం’ లాంటి మాటలు ఆ రెండు ప్రశ్నలకూ ఉపయోగపడవు. ఏది ఎంత ఉండేది, ఎంత అయింది అన్న అంకెలు ఉపయోగపడతాయి. అలాగే ‘అన్ని సూచనలూ పాటించాం’ అని రాస్తే ఎడిటరుకి అనుమానం వస్తుంది. జరిగిపోయిన సర్వేలో కొన్ని సరిదిద్దలేనివి ఉండి తీరతాయి. సరిదిద్దలేనిది ఒకటుందని ముందే చెప్పుకుంటే మిగతా మాటలకు బలం వస్తుంది.

పక్కన వెళ్లే కాగితం

చాలా జర్నళ్లలో కవర్ లెటర్ ఎడిటరుకి మాత్రమే కనిపిస్తుంది. రివ్యూయర్లకు వెళ్లేది వేరే ఫైలు, అభ్యంతరాలకు జవాబులున్నది. కాబట్టి రివ్యూయరుకి తెలియాల్సిన సంగతి ఉత్తరంలోనే ఉండిపోతే అది ఆయనకు చేరదు. రెండు చోట్లా రాయాలి.

మామూలు సవరణలో మార్పుల్ని రంగులో చూపించే ప్రతి జతచేస్తారు. పునర్నిర్మించిన పేపరుకి అది అక్కరకు రాదు. పేరాలన్నీ చోటు మారితే తెరంతా ఎర్ర గీతలే కనిపిస్తాయి. దాని బదులు చిన్న పట్టిక ఇస్తే చాలు. ఎడమ వైపు పాత ప్రతి భాగాలు, కుడి వైపు అవి ఇప్పుడెక్కడున్నాయన్నది. ‘పరిచయంలో చరిత్ర: ఒక వాక్యానికి తగ్గింది.’ ‘పట్టికలు 4 నుంచి 7: అనుబంధ ఫైలుకి వెళ్లాయి.’ ‘పట్టికలు 8, 9: మొదటి పట్టికలోని అంకెలే, తీసేశాం.’ ఒక్క పేజీలో పాత రివ్యూయరుకి తాను అడిగింది ఏమైందో తెలిసిపోతుంది.

పాత జర్నల్ కాకుండా వేరే చోటికి పంపుతున్నా ఈ కాగితాలు వృథా కావు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు, పేపరు ఇంతకుముందు మరో జర్నల్‌కి వెళ్లి ఉంటే అక్కడి రివ్యూయర్ల వ్యాఖ్యల్ని, వాటికి ఇచ్చిన జవాబుల్ని జతచేయడాన్ని ప్రోత్సహిస్తాయి. దాచకపోవడం వల్ల రివ్యూ త్వరగా అయ్యే వీలుందని వాళ్ల మాట.

కోతలో దాటకూడని గీత

పదాలు తగ్గించే నెపంతో ఫలితాలు మాయం కాకూడదు. మన ఉదాహరణలో బడి మార్కులకీ ఫ్లోరైడ్‌కీ సంబంధం ఏమీ తేలలేదనుకుందాం. ఆ ముక్క తీసేస్తే పేపరు పొట్టిదవుతుంది, నీటుగా కూడా కనిపిస్తుంది. కానీ మార్కులు సేకరించిన సంగతే చెప్పకుండా తీసేస్తే అది కుదింపు కాదు, అనుకూలమైన ఫలితాలే ఏరి చూపడం. రేపు ఇదే విషయం మీద పది సర్వేల్ని కలిపి చూసేవాళ్లు, సంబంధం దొరికిన సర్వేలనే చూసి తప్పుడు ముగింపుకి వస్తారు. అందుకే సేకరించామని పద్ధతుల్లో ఒక వాక్యం, ఫలితం అనుబంధంలో, తీసేశామని ఉత్తరంలో ఒక మాట. మూడూ ఉండాలి.

తీసేసిన ముక్కల్ని వేరే పేపర్లుగా మలిచి మూడు జర్నళ్లకు పంపుదామన్న ఆశ కూడా కలుగుతుంది. ఆహారం గురించిన సమాచారం తనంతట తాను ఒక ప్రశ్నకి జవాబు చెబితే అది న్యాయమే. అప్పుడు రెండో పేపరు ఉందని ఎడిటరుకి ముందే చెప్పాలి. అదే పిల్లలు, అదే నీళ్లు, ఒక పట్టిక మాత్రమే తేడా అయితే అది ఒక పరిశోధనను ముక్కలు చేసి లెక్క పెంచుకోవడం.

రచయితల జాబితాలోనూ ఇలాంటి చిక్కే వస్తుంది. తీసేసిన భాగాన్ని చూసుకున్న సహరచయిత పేరు కొత్త ప్రతిలో ఉండాలా? పేరు తీసినా, చేర్చినా, వరస మార్చినా ఎందుకో ఉత్తరంలో చెప్పాలి. అందరి సమ్మతీ రాతలో ఉండాలి. తమకు తెలియకుండా పేరు పోయిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే జర్నల్ పనంతా ఆపి విచారణ మొదలుపెడుతుంది.

పంపే ముందు ఒకసారి

పునర్నిర్మించిన పేపర్లలో దొర్లే తప్పులు ఇంచుమించు ఒకే రకంగా ఉంటాయి. పాఠంలో ఎక్కడో ‘పట్టిక 7 చూడండి’ అని మిగిలిపోతుంది, పేపరులో ఉన్నవి మూడే పట్టికలు. సారాంశంలో 412 మంది పిల్లలుంటారు, పట్టికలో 398 మంది, మధ్యలో 14 మంది ఏమయ్యారో చెప్పిన వాక్యం కోతలో ఎగిరిపోయి ఉంటుంది. తీసేసిన పేరాలో మాత్రమే వచ్చిన మూలాలు చివరి జాబితాలో అలాగే ఉంటాయి. లెక్క మళ్లీ చేశామని ఉత్తరం చెబుతుంది, సారాంశంలో పాత హద్దులే కనిపిస్తాయి. చివరిదే అన్నిటికంటే ప్రమాదం. ఉత్తరం ఒకటి చెప్పి పేపరు మరొకటి చెబితే ఎడిటరు నమ్మేది పేపరునే.

దీనికి మార్గం తేలికైనదే. పాత సారాంశాన్ని దిద్దకుండా పక్కన పెట్టి, పేపరంతా ముగిశాక కొత్తగా రాయాలి. తర్వాత ఉత్తరంలోని ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి, అది పేపరులో ఏ పేజీలో ఉందో వెతకాలి. దొరకని వాక్యాన్ని ఉత్తరంలోంచి కొట్టేయాలి, లేదా పేపరులో ఆ మార్పు నిజంగా చేయాలి. ఈ పని పేపరు రాసినవాళ్ల కంటే, దాన్ని మొదటిసారి చూస్తున్న సహోద్యోగి బాగా చేస్తారు.

ఇంత చేసినా రెండోసారి కూడా తిరస్కరించవచ్చు. కొత్త పేపరుగా పరిశీలిస్తామన్న మాట అచ్చు వేస్తామన్న హామీ కాదు. ఆ ఉత్తరం చేయగలిగింది ఒక్కటే, పేపరులో జరిగిన పనిని ఎడిటరు రెండు నిమిషాల్లో చూడగలిగేలా చేయడం. పేపరులో పని జరగకపోతే ఎంత చక్కటి ఉత్తరమైనా దాన్ని కప్పలేదు. కాబట్టి ముందు పేపరు పూర్తి చేయండి, ఉత్తరం ఆఖర్న రాయండి.